ఒత్తిడి ఉద్యోగం వదిలి పాత పుస్తకాల మరమ్మతుతో జీవించాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పదమూడేళ్లు ఒక పెద్ద సంస్థలో పనిచేసి, అక్కడ ఇక నిలవలేనని తెలిసిన తరువాత, ఏడేళ్లుగా నేను ఇంట్లోని ఒక గదిలో పాత పుస్తకాలు బాగుచేస్తూ జీవిస్తున్నాను. ఆదాయం తగ్గినా ఫరవాలేదు, నెమ్మదైన పని కావాలి అనుకునేవారు నన్ను అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు ఒకటే. వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాను. ప్రతి ప్రశ్నకూ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు అవసరమైన చోటు నుంచే చదువుకోవచ్చు.

## నిర్ణయానికి ముందు

ప్రశాంతమైన చిన్న వ్యాపారాలు చాలా ఉన్నాయంటారు కదా, పుస్తకాల మరమ్మతే ఎందుకు?

ఒక వ్యాపారం ప్రశాంతంగా సాగుతుందా లేదా అన్నది అది బయటికి ఎలా కనిపిస్తుందన్న దాన్ని బట్టి కాక, అందులో గడియారం ఎవరి చేతిలో ఉంటుందన్న దాన్ని బట్టి తేలుతుంది. చిన్న కాఫీ దుకాణం చూడముచ్చటగా ఉంటుంది, కానీ మనుషులు ఎప్పుడు వస్తే అప్పుడు మీరు సిద్ధంగా ఉండాలి, మిగిలిన సరుకు పాడైపోతుంది. మొక్కల పెంపకంలో నీళ్లు పట్టడానికి సెలవు ఉండదు. ఇంట్లో గది అద్దెకిచ్చేవారికి అర్ధరాత్రి ఫోను వస్తుంది. పుస్తకం మాత్రం అరలో నెల రోజులు కూర్చున్నా చెడిపోదు. సగంలో ఆపిన పని మరునాడు ఆపిన చోటే దొరుకుతుంది. అమ్ముడుపోని సరుకు అంటూ ఉండదు, ఎందుకంటే వచ్చే ప్రతి పుస్తకానికీ ముందే ఒక యజమాని ఉన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, జిగురు ఆరేదాకా ఎవరైనా ఆగాల్సిందే, ఆ ఆలస్యానికి క్షమాపణ చెప్పుకోవలసిన పని లేదు. గడియారాల మరమ్మతుకూ, కుర్చీల అల్లికకూ, కుట్టుమిషన్ల మరమ్మతుకూ ఈ లక్షణాలే చాలావరకు ఉన్నాయి. మీ చేతికి అవి నప్పితే వాటినే ఎంచుకోండి. నాకు లోతుగా తెలిసినది పుస్తకం కనుక ఇక్కడ దాని గురించే రాస్తున్నాను.

పూర్తిగా అలసిపోయాను. రేపే రాజీనామా చేసి మొదలుపెట్టవచ్చా?

వద్దని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా వర్ణిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, తన చేతిలో ఏదీ సరిగా జరగడం లేదనే భావన. ఈ మూడవది కొత్త పనిలోకి కూడా మీ వెంట వస్తుంది. దారం తెగినా, అట్ట వంకరపోయినా అది నేర్చుకుంటున్నప్పుడు జరిగే పొరపాటుగా కాక, మీ అసమర్థతకు మరో రుజువుగా కనిపిస్తుంది. వీలైతే ముందు సెలవు తీసుకోండి, ఉద్యోగంలో ఉండగానే వారాంతాల్లో నేర్చుకోవడం మొదలుపెట్టండి. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉద్యోగానికి దూరంగా ఉన్న రోజుల్లోనూ కొనసాగుతుంటే అది బర్నౌట్ ఒక్కటే కాకపోవచ్చు. అప్పుడు వైద్యుడిని కలవడం వ్యాపారం కన్నా ముందు జరగాలి.

ఈ పని నాకు నప్పుతుందో లేదో డబ్బు పెట్టకముందే ఎలా తెలుస్తుంది?

నాలుగు వారాంతాల్లో నాలుగు ఖాళీ నోటు పుస్తకాలు చేతితో కుట్టండి. కాగితాలు మడవడం, దబ్బనంతో రంధ్రాలు పెట్టడం, దారంతో కుట్టడం, అట్ట వేయడం అన్నీ మీరే చేయాలి. మొదటిది కొత్త కాబట్టి ఆనందంగానే ఉంటుంది. మూడవదాని మీద దృష్టి పెట్టండి. అప్పటికి కొత్తదనం పోయి, అవే మడతలు, అవే కుట్లు మిగులుతాయి. ఆ పునరావృతం మీకు హాయిగా ఉంటే ఈ పని మీకు నప్పుతుంది. నలుగురితో మాట్లాడితేనే శక్తి వచ్చే స్వభావం మీదైతే ఈ గది కొద్ది నెలల్లోనే ఇరుకనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు.

## నేర్చుకునే దశ

డబ్బు తీసుకుని ఇతరుల పుస్తకాలు ముట్టుకోవడానికి ఎంతకాలం నేర్చుకోవాలి?

వారానికి ఒక పూర్తి రోజు కేటాయించగలిగితే సుమారు ఏడాది అనుకోండి. ఫారం అంటే ఒకదానిలో ఒకటి పెట్టి మడిచిన కాగితాల కట్ట. మొదట ఒకే ఫారం ఉన్న పలుచని పుస్తకాలు, తరువాత చాలా ఫారాలను కలిపి కుట్టే నోటు పుస్తకాలు, ఆ తరువాత గట్టి అట్ట తొడగడం, ఈ వరుసలో పది పన్నెండు పుస్తకాలు కొత్తగా తయారు చేయాలి. పుస్తకం ఎలా పుడుతుందో తెలియనివారు అది ఎక్కడ విరిగిందో చూడలేరు. అప్పుడు గ్రంథాలయాలు తీసిపారేసిన పుస్తకాలు ఒక ఇరవై తెచ్చుకుని, వాటిని విప్పి మళ్లీ కట్టండి. పాడైనా ఎవరికీ నష్టం లేని పుస్తకాల మీదే చేతికి ధైర్యం వస్తుంది.

ఒక హద్దు మాత్రం మొదటి రోజునే గీసుకోవాలి. చేతిరాత ప్రతులు, అరుదైన ముద్రణలు, మార్కెట్లో పెద్ద విలువ ఉన్న గ్రంథాలు మన పరిధిలోవి కావు. వాటి సంరక్షణ వేరే వృత్తి, దానికి ఏళ్ల తరబడి శిక్షణ ఉంటుంది. 1966 నవంబరులో ఫ్లోరెన్స్ నగరాన్ని వరద ముంచినప్పుడు లక్షల కొద్దీ గ్రంథాలు తడిసి, వాటిని రక్షించడానికి ఎన్నో దేశాల నుంచి వెళ్లిన నిపుణుల అనుభవంతోనే ఆ వృత్తి నేటి రూపం తీసుకుంది. చేసిన మరమ్మతును అవసరమైతే మళ్లీ విప్పగలగాలి అన్న సూత్రాన్ని వారి నుంచి మనం తీసుకోవాలి.

ఏ పరికరాలు కొనాలి?

చాలా తక్కువ. పదునైన బ్లేడు కత్తి, ఉక్కు స్కేలు, దబ్బనం, మొద్దు మొనల సూదులు, నార దారం, మడతలు నొక్కే బోన్ ఫోల్డర్, రెండు మూడు వెడల్పుల బ్రష్షులు, కుట్టే సమయంలో పుస్తకాన్ని నిలిపే చెక్క చట్రం, రెండు నునుపు పలకలు, వాటి మీద పెట్టడానికి ఇటుకల వంటి బరువులు. ఇనుప ప్రెస్సు ఎంత అందంగా కనిపించినా మొదటి ఏడాది కొనవద్దు. పలకలూ బరువులూ అదే పని చేస్తాయి. పెట్టుబడి చిన్నదిగా ఉండటం కూడా ఒత్తిడి తక్కువగా ఉండటంలో భాగమే, ఎందుకంటే అప్పు తీర్చడం కోసం పుస్తకాలు ఒప్పుకోవడం మొదలైతే మళ్లీ పాత ఉద్యోగపు వేగమే తిరిగి వస్తుంది.

ఏ జిగురు వాడాలి? బజారులో దొరికే తెల్ల జిగురు చాలదా?

తెల్ల జిగురు, అంటే పీవీఏ, కొత్త అట్టలు తయారు చేయడానికి బాగుంటుంది. త్వరగా ఆరుతుంది, గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఒకసారి ఆరితే నీటితో విడిపోదు. అందుకని పాత పుస్తకపు పుటలకు దాన్ని తాకించకూడదు. పుటలకు గోధుమ స్టార్చ్ జిగురే సరైనది, ఎందుకంటే ఎన్నేళ్ల తరువాతైనా కాస్త తేమ తగిలితే అది వదులుతుంది. దానికి మామూలు గోధుమ పిండి పనికిరాదు. పిండిలో ఉండే గ్లూటెన్ పసుపు రంగుకు తిరుగుతుంది, పురుగుల్ని కూడా పిలుస్తుంది. గ్లూటెన్ తీసేసిన స్టార్చ్ పొడి కావాలి.

ఒక కొలత పొడికి నాలుగు కొలతల నీరు పోసి అరగంట నాననివ్వండి. సన్నని సెగ మీద ఆపకుండా కలుపుతూ ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉడికించాలి. మొదట పాలలా ఉన్నది ఉన్నట్టుండి చిక్కబడుతుంది. చాలామంది అక్కడే దించేస్తారు, అది పొరపాటు. ఆ తెలుపు తగ్గి, కాస్త పారదర్శకంగా, నిగనిగలాడుతూ కనిపించేదాకా కలపాలి. చల్లారిన తరువాత సన్నని జల్లెడలో రెండుసార్లు వత్తితే ఉండలు పోయి మెత్తని ముద్ద మిగులుతుంది. చిరిగిన పుటలకు వాడేటప్పుడు దాన్ని పలుచని మీగడలా నీటితో సడలించుకోవాలి. చల్లని చోట ఉంచినా వారానికి మించి నిలవ ఉంచవద్దు. పుల్లని వాసన వచ్చినా, గులాబీ రంగు చుక్క ఒక్కటి కనిపించినా మొత్తం పారేయండి.

నేను చేసిన అట్టలన్నీ వంకరపోతున్నాయి. ఎక్కడ తప్పు జరుగుతోంది?

దాదాపు ఎప్పుడూ కారణం పోగు దిశే. యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు నారపోగులు యంత్రం నడిచే వైపుకే ఎక్కువగా సర్దుకుంటాయి. తేమ తగిలినప్పుడు కాగితం ఆ పోగులకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. పుటలు, అట్ట, లోపలి అంటింపు కాగితం అన్నిటి పోగూ పుస్తకపు వెన్నుకు సమాంతరంగా నిలువుగా ఉంటే ఆ ఉబ్బు పుస్తకం తెరిచే అంచు వైపుకు పోయి నష్టం కలిగించదు. ఒక్కటి అడ్డంగా పడినా అట్ట తెల్లవారేసరికి పడవలా వంగుతుంది, పుటలు వెన్ను దగ్గర అలలు తేలుతాయి.

దిశ తెలుసుకోవడం తేలిక. కాగితాన్ని మడత పడకుండా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి అరచేతితో మెల్లగా నొక్కండి. ఏ వైపు తక్కువగా ఎదురు తిరుగుతుందో ఆ వంపు గీతకు సమాంతరంగా పోగులు ఉన్నాయని అర్థం. పోగు సరిగా ఉన్నా అట్ట బయటి వైపుకు వంగుతుంటే, బయట అంటించిన బట్ట ఆరుతూ లాగుతోందన్నమాట. లోపలి వైపు కాగితం అంటిస్తే అది ఎదురు లాగి అట్టను సరిచేస్తుంది. పూర్తిగా ఆరేదాకా బరువు కింద ఉంచాలి. తొందరపడి నాలుగు గంటల్లో తీసి చూస్తే వంకర శాశ్వతమవుతుంది.

## మొదటి పుస్తకాలు

ఎలాంటి పుస్తకాలు ఒప్పుకోవాలి, ఎలాంటివి వద్దనాలి?

ఊడిన అట్టలు, చిరిగిన వెన్ను, వదులైన ఫారాలు, చిరిగిన పుటలు ఉన్న బట్ట బైండింగ్ పుస్తకాలతో మొదలుపెట్టండి. కుటుంబాలు దాచుకున్న నిఘంటువులు, ప్రార్థన గ్రంథాలు, పిల్లల కథల పుస్తకాలు, వంట పుస్తకాలు ఎక్కువగా ఈ స్థితిలోనే వస్తాయి. వాటి మార్కెట్ విలువ మరమ్మతు ఖర్చు కంటే తక్కువే అయినా యజమానికి వాటి విలువ వేరు.

మూడింటిని వద్దనాలి. మొదటిది బూజు పట్టిన పుస్తకం. గాలిలో సాపేక్ష తేమ 65 శాతం దాటి నిలిచిన చోట బూజు పెరుగుతుంది, అది మీ గదిలోకి వస్తే అరలోని మిగతావారి పుస్తకాలకూ పాకుతుంది. రెండవది ముట్టుకుంటే ఎర్రని పొడి రాలే తోలు బైండింగ్. మూడవది పెళుసుబారిన కాగితం. పందొమ్మిదవ శతాబ్దం మధ్య నుంచి చెక్క గుజ్జుతో, పటిక కలిపి చేసిన కాగితంలో ఆమ్లం పుట్టి నారపోగుల్ని తినేస్తుంది. ఒక పుట మూలను కొంచెం మడిచి, వెనక్కి తిప్పి మళ్లీ మడవండి. రెండు మూడు మడతల్లో మూల ఊడి చేతికి వస్తే ఆ పుస్తకాన్ని ఎంత బాగా కుట్టినా కుట్టు పక్కనే పుట తెగుతుంది. ఈ పరీక్షను యజమాని అనుమతితోనే చేయాలి. అలాంటి పుస్తకానికి మరమ్మతు బదులు కొలతకు సరిపడే పెట్టె చేసి ఇస్తానని చెప్పండి.

ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా ఎలా సాగుతుందో వివరంగా చెప్పగలరా?

ఒక పాత నిఘంటువును తీసుకుందాం. సుమారు తొమ్మిది వందల పుటలు, ముందు అట్ట వేలాడుతోంది, వెన్ను బట్ట చిరిగింది, రెండవ ఫారం బయటికి జారింది, మిగతా కుట్టు మాత్రం గట్టిగా ఉంది. కుట్టు గట్టిగా ఉన్నప్పుడు పుస్తకాన్ని పూర్తిగా విప్పకూడదు. చిన్న మరమ్మతుతో నిలిచేదాన్ని పెద్దది చేయడం కొత్తవారు తరచుగా చేసే తప్పు.

మొదటి రోజు అన్ని వైపులా ఫొటోలు తీసి, పుటల సంఖ్యలు వరుసగా సరిచూసి, పలుచని కత్తితో వెన్ను బట్టను చెడకుండా పైకి లేపాను. పుటల మధ్య దాచిన ఎండిన పువ్వు ఒకటి దొరికితే దాన్ని ఏ పుట దగ్గర ఉందో రాసి విడిగా కవరులో పెట్టాను. పోయిందని తెలిస్తే యజమాని బాధపడేది బహుశా పుస్తకం కంటే దాని గురించే. ఇదంతా నలభై నిమిషాలు. రెండవ రోజు వెన్ను మీద గట్టిపడిన పాత జిగురుకు చిక్కని స్టార్చ్ జిగురు పూసి ఇరవై నిమిషాలు నాననిచ్చి, చెక్క పలకతో మెల్లగా గీకి తీశాను, మొత్తం యాభై నిమిషాలు. మూడవ రోజు జారిన ఫారం మడతలను కోజో అనే మొక్క నారతో చేసిన పలుచని జపాన్ టిష్యూ కాగితంతో అతికి, అంటుకోని షీట్ల మధ్య బరువు పెట్టాను, నలభై అయిదు నిమిషాలు. నాలుగవ రోజు ఆ ఫారాన్ని చోటులో కుట్టి, వెన్నుకు పలుచని బట్ట, దాని మీద కాగితం వేశాను, గంట. అయిదవ రోజు అట్టల మీది పాత బట్టను అంచు వద్ద లేపి, దాని కిందికి కొత్త వెన్ను బట్టను పంపి అతికాను, గంటంపావు. ఆరవ రోజు పాత వెన్ను మీది పేరు ముక్కను కొత్త బట్ట మీద అతికి సరిచూశాను, అరగంట. యజమానితో మాట్లాడటానికీ ప్యాకింగుకూ మరో అరగంట కలిపితే మొత్తం చేతిపని అయిదున్నర గంటలు. అది ఆరు రోజుల్లో సాగింది. మిగిలిన సమయమంతా జిగురు ఆరడానికే.

సెల్లో టేపుతో అతికించిన పుటలు వస్తే ఏం చేయాలి?

టేపు ప్లాస్టిక్ పొర తేలికగానే ఊడుతుంది, దాని జిగురు కాగితంలోకి ఇంకి గోధుమ రంగు మచ్చగా మిగులుతుంది. ఆ మచ్చను తీయడానికి ద్రావకాలు కావాలి, అవి సిరాను కూడా కరిగించవచ్చు. చిన్న బ్రష్షుల గదిలో అది చేయదగ్గ పని కాదు. పొర ఊడదీసి, చిరుగును టిష్యూతో అతికి, మచ్చ అలాగే ఉంటుందని యజమానికి ముందే రాసి ఇవ్వండి.

మొదటి కస్టమర్లు ఎక్కడి నుంచి వస్తారు?

ప్రకటనల కంటే గ్రంథాలయ ఉద్యోగులు, పాత పుస్తకాలు అమ్మేవారు, ప్రార్థనా స్థలాల వారు ఎక్కువ పంపుతారు, ఎందుకంటే విరిగిన పుస్తకంతో మనుషులు మొదట వెళ్లేది వారి దగ్గరికే. ముందు, తరువాత ఫొటోలు ఉన్న అయిదారు పుస్తకాల చిన్న ఆల్బం చూపితే చాలు. గిరాకీ నెమ్మదిగా పెరగడం మేలు. ఒకేసారి నలభై మంది వస్తే అది విజయంలా కనిపిస్తుంది, కానీ మొదటి ఏడాదిలో దాన్ని తట్టుకోవడం కష్టం.

## డబ్బు

ధర ఎలా నిర్ణయించాలి? నిజంగా బతకడానికి సరిపోతుందా?

పుస్తకం విలువను బట్టి కాక మీ గంటలను బట్టి ధర నిర్ణయించాలి. అన్ని గంటలూ డబ్బు తెచ్చేవి కావు. వారానికి ముప్పై గంటలు పనిచేస్తే బల్ల మీద చేతిపని పద్దెనిమిది గంటలే ఉంటుంది. మిగతావి ఉత్తరాలు, అంచనాలు, జిగురు వండటం, శుభ్రం, లెక్కలు. అంటే నాలుగు వారాల నెలకు 72 గంటలు.

ఏ కరెన్సీలోనైనా పనికొచ్చేలా ఇంటి నెల ఖర్చును 100 పాళ్లు అనుకుందాం. సామగ్రి, విద్యుత్తు, రవాణాకు 15 పాళ్లు, పన్నులకూ పని రాని నెలలకూ 20 పాళ్లు కలిపితే 135. దాన్ని 72తో భాగిస్తే గంటకు సుమారు 1.9 పాళ్లు. అయిదున్నర గంటల పుస్తకానికి పది పాళ్లకు కాస్త పైన, అంటే ఇంటి నెల ఖర్చులో పదో వంతు. అలాంటివి నెలకు 13, వారానికి మూడు చేయాలి.

ఈ పదో వంతు అన్న సంఖ్య దగ్గర ఆగి నిజాయితీగా ఆలోచించండి. మీ ఇంటి ఖర్చు పాత జీతం స్థాయిలోనే ఉంటే ఆ ధర ఎవరూ ఇవ్వలేరు. ఈ వృత్తిలో ధరను పెంచే అవకాశం తక్కువ, ఖర్చును తగ్గించే అవకాశమే ఎక్కువ. ఇంటి ఖర్చు సగమైతే అదే పుస్తకం ధర కూడా దాదాపు సగానికి వస్తుంది, అప్పుడు మనుషులు ఒప్పుకుంటారు. మొదటి ఏడాది వారానికి మూడు పుస్తకాలు రావు కనుక కనీసం ఏడాదిన్నర ఖర్చు చేతిలో ఉండాలని, లేదా ఇంట్లో మరొకరి ఆదాయమో సగం రోజుల ఉద్యోగమో ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

ప్రశాంతత పోకుండా ఆదాయం కొంచెం పెంచుకునే దారి ఉందా?

ఉంది, కొలతకు పెట్టెలు చేయడం. పుస్తకం సరిగ్గా పట్టే అట్ట పెట్టెకు పుస్తకాన్ని కోయనక్కరలేదు, కుట్టనక్కరలేదు. పొరపాటు జరిగితే పెట్టె పారేసి మరొకటి చేయవచ్చు. ఎంత సమయం పడుతుందో దాదాపు కచ్చితంగా చెప్పగలం. నెలకు నాలుగైదు పెట్టెలు ఉంటే మరమ్మతు గంటల మీద ఒత్తిడి తగ్గుతుంది. తరగతులు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. వాటిలో డబ్బు ఉన్నమాట నిజమే, అయితే తేదీ, సమయం, పది మంది ఎదురుచూపులు కూడా ఉన్నాయి. ఏడాదికి రెండు మూడింటికి మించి నేను పెట్టను.

## రోజువారీ పని

ఎప్పటికి ఇస్తానని చెప్పాలి?

అరలో ఉన్న పుస్తకాల సంఖ్యను వారానికి పూర్తి చేసే సంఖ్యతో భాగిస్తే కొత్త పుస్తకం ఎన్ని వారాలు ఆగాలో వస్తుంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన వరుసల సూత్రం ఇదే. పన్నెండు పుస్తకాలు ఉండి వారానికి మూడు పూర్తి చేస్తే నాలుగు వారాలు. దానికి రెండు వారాలు కలిపి ఆరు అని చెప్పండి. ఆ రెండు వారాలు జ్వరానికి, తడి వాతావరణంలో ఆరని జిగురుకు, మనసు బాగోలేని రోజులకు. అరలో పన్నెండుకు మించి ఉంచుకోకండి. పదమూడవవారికి పుస్తకం ఇంట్లోనే పెట్టుకోమని, వంతు వచ్చినప్పుడు కబురు చేస్తానని చెప్పండి. అర నిండిన గదిలో కూర్చుంటే పాత ఉద్యోగపు ఇన్‌బాక్స్ ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

"అర్జెంటు, రెట్టింపు ఇస్తాను" అంటే?

వద్దనండి. ఒక్కసారి ఒప్పుకుంటే తొందరకు ఒక ధర ఉందని అందరికీ తెలిసిపోతుంది. ఆరడానికి ఒక రాత్రి పట్టే జిగురును డబ్బు త్వరగా ఆరబెట్టలేదు.

ఒకరి పుస్తకం నా చేతిలో పాడైతే?

నా చేతిలో పాడైంది. రెండవ ఏడాదిలో ఒక కథల పుస్తకాన్ని బరువు కింద పెడుతూ అంటుకోని షీటు పెట్టడం మరిచాను. పొంగిన జిగురు రెండు పుటలను కలిపేసింది. నేను వాడింది స్టార్చ్ జిగురు కాబట్టి తడి బ్లాటింగ్ కాగితంతో గంటసేపట్లో విడదీయగలిగాను, అయినా ఒక బొమ్మ మీద చిన్న మరక మిగిలింది. ఆ రోజే యజమానికి ఫోను చేసి జరిగింది చెప్పి, డబ్బు తీసుకోలేదు. ఆవిడ తరువాత మరో రెండు పుస్తకాలు పంపారు. పుస్తకం తీసుకునేటప్పుడే ఫొటోలు తీసి, ఏం చేస్తారో, ఏం చేయలేరో, గరిష్ఠంగా ఎంత నష్టానికి బాధ్యత వహిస్తారో ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయండి. అలా చేస్తే పొరపాటు జరిగిన రాత్రి నిద్ర పడుతుంది.

నెమ్మదైన పనిలో కూడా పాత ఒత్తిడి తిరిగి వస్తోందని ఎలా గుర్తించాలి?

బల్ల మీదే కనిపిస్తుంది. రాత్రంతా ఉంచాల్సిన బరువును సాయంత్రమే తీసేయడం మొదటి గుర్తు. పోగు దిశ చూడకుండా కాగితం కోయడం రెండవది. పెట్టెలు చేసే వారమే బాగుందనిపించి మరమ్మతు పుస్తకాలు అరలో వెనక్కి జరుగుతూ ఉండటం మూడవది. ఇవి కనిపించినప్పుడు నేను కొత్త పుస్తకాలు తీసుకోవడం ఆపేసి, ఉన్నవి సగానికి తగ్గేదాకా ఆగుతాను. చాలాసార్లు కారణం పుస్తకాలు కాదు, రోజంతా వచ్చే సందేశాలు. అందుకని వారానికి రెండు రోజులు, ఒక్కో గంట మాత్రమే జవాబులు ఇస్తానని పుస్తకం తీసుకునే కాగితం మీదే రాసి ఉంచాను.

మానేయాలనుకుంటే ఎలా మానేయాలి?

కొత్త పుస్తకాలు తీసుకోవడం ఆపి, అరలో ఉన్న పన్నెండూ పూర్తి చేస్తే నాలుగు వారాల్లో గది ఖాళీ అవుతుంది. అప్పు లేదు, అద్దె ఒప్పందం లేదు, అమ్ముడుపోని సరుకు లేదు. బ్రష్షులు కడిగి ఆరబెట్టండి, దారం కండెలను తేమ తగలని డబ్బాలో పెట్టండి. ఆరు నెలల తరువాత మళ్లీ తెరవాలనిపిస్తే స్టార్చ్ పొడి ఒక్కటే కొత్తది కొంటే చాలు.